నోటికి అందని లైను

కంపెనీ పని ఒప్పుకునేనాటికి నా చేతిలో ఉన్న సరుకు కొంచెమే. అనకాపల్లి మెయిన్ రోడ్డులో మేడ మీద ఒక గది, పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే కంప్యూటరు, ఇంకో షాపువాడికి తెలియని ఒక సంగతి. ఆ సంగతి నాకు లోవరాజు ఇచ్చాడు. ఉత్తినే ఇచ్చాడు.

అంతకు ముందు లైఫ్ జాకెట్ల మీద ఒక హిందీ వీడియోకి కింద తెలుగు అక్షరాలు వేసే పని వచ్చింది. ఎస్. రాయవరం అవతల, సముద్రపు ఒడ్డు పల్లెలో, తుపాను షెల్టరు గోడ మీద వేసి చూపించాను. అక్కడ ఎవరికి వాళ్లు చదువుకోరు. పల్లె మొత్తానికి ఒక్కడు నిలబడి గట్టిగా చదువుతాడు. మిగతావాళ్లు బొమ్మ చూస్తూ అతని మాట వింటారు. చదివేవాడు లోవరాజు. పదో తరగతి దాకా చదివి పడవెక్కినవాడు. రేషను నోటీసైనా, ఆసుపత్రి చీటీ అయినా అతను చదివిందే పల్లెకు లెక్క.

ఆ రోజు అతను లైను మధ్యలో ఉండగానే తర్వాతి లైను వచ్చేది. మూడుసార్లు తడబడ్డాడు. అయ్యాక నా దగ్గరికొచ్చాడు.

"బావా, నీ అచ్చరాలు కంటికి సరిపోతన్నాయి గానీ నోటికి అందట్లేదు."

"ఎంతసేపు ఉంచమంటావు?"

"నేను సదివి, ముసిలోళ్లు ఊఁ అనీదాకా."

తిరిగొచ్చి మొత్తం మళ్లీ చేశాను. పొడుగు మాటలు తీసేసి వాడుక మాటలు పెట్టాను. ఒకసారికి రెండు లైన్లకు మించకుండా, మాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో అక్కడే విరిచాను. మాట్లాడేవాడు ఆగిన చోట, తర్వాతి మాట మొదలయ్యేదాకా అక్షరాలను నిలబెట్టాను. రెండోసారి వేసినప్పుడు లోవరాజు ఒక్కచోట కూడా తడబడలేదు. పల్లె ఆడవాళ్లందరి తరఫునా మాట్లాడే చేపల కొర్లమ్మ, "మా లోవ సదివితే సముద్రం కూడా ఆగి ఇంటాది" అంది. అతను సిగ్గుపడి నా వైపు చూసి నవ్వాడు.

తర్వాత కంపెనీ వచ్చింది. దాని మురికినీళ్ల గొట్టం ఆ పల్లె ముందు నుంచే సముద్రంలోకి పోవాలి. పల్లె ఒప్పుకుని తీర్మానం మీద వేలిముద్రలు వెయ్యాలి. మేనేజరు హిందీలో మాట్లాడిన నాలుగు నిమిషాల వీడియో పట్టుకుని, కంపెనీ తరఫున ఊళ్లు తిరిగే దేవీప్రసాద్ నా గదికొచ్చాడు.

అందులో అసలు మాట ఒకటే. ప్రతి కుటుంబానికీ నష్టపరిహారం ఇస్తామని మేనేజరు నిదానంగా, చెయ్యి గుండె మీద పెట్టుకుని చెప్పాడు. ఆ వెంటనే, చేపలు తగ్గాయని కంపెనీ కమిటీ ధ్రువీకరిస్తేనే అని గబగబా అనేసి, ఊపిరి తీసుకోకుండా ఆసుపత్రి గురించి ఎత్తుకున్నాడు.

నేను మొదట లోవరాజు నోటికి సరిపోయేట్టే వేశాను. షరతును ముందుకు తెచ్చాను:

చేపలు తగ్గాయని మా కమిటీ ఒప్పుకుంటేనే
ఇంటింటికీ పరిహారం ఇస్తాం

మేనేజరు రెండు ముక్కలూ చెప్పినంతసేపూ అది తెర మీదే ఉంటుంది.

దేవీప్రసాద్ చూశాడు. "బాగా చేశారు నానాజీ గారూ. మరీ బాగా చేశారు."

"తీసెయ్యమంటారా?"

"అబ్బే, ఒక్క మాట కూడా తియ్యకూడదు. రేపు ఎవరైనా దాచారంటే మాకు మాట వస్తుంది. సార్ ఎలా చెప్పారో అలాగే ఉండాలి. అంతే." లేచి గుమ్మం దగ్గర ఆగాడు. "ఏడాది పొడుగునా మా వీడియోలుంటాయి. మీలాంటివాళ్లే కావాలి."

నాకు అర్థమయింది. అబద్ధం అక్కర్లేదు, కొలత మారిస్తే చాలు. పరిహారం మాటను విడిగా పెట్టి, మేనేజరు గుండె మీద నుంచి చెయ్యి తీసేదాకా నిలబెట్టాను. తర్వాత షరతు:

చేపల లభ్యత తగ్గినట్లు మా
కమిటీ ధ్రువీకరించిన పక్షంలో

ఒకటిన్నర సెకను. అతని గొంతు అంతసేపే ఉంది. కంటితో చదివేవాడు అందుకుంటాడు. నోటితో చదివేవాడు 'మా' దగ్గరే ఉండగా ఆసుపత్రి వచ్చేస్తుంది.

షెల్టరు గోడ మీద వేసిన రోజు పల్లె మొత్తం వచ్చింది. కొర్లమ్మ ముందు కూర్చుంది. "లోవా, గట్టిగా సదువు. ముద్దరేసీది మేము, మింగీది ఆళ్లు. ఒక్క ముక్క వదలకు."

"వదల్ను అత్తా."

ప్రతి కుటుంబానికీ నష్టపరిహారం ఇస్తాం అని చదివాడు. ముసలివాళ్లు ఊఁ అన్నారు. ఇంకోసారి చదివాడు. మళ్లీ ఊఁ అన్నారు. అంత తీరిక ఇచ్చాను నేను. అప్పుడు షరతు వచ్చింది.

"చేపల లభ్యత తగ్గినట్లు మా..."

ఆసుపత్రి వచ్చింది.

"ఏటి రా? సేపలు తగ్గినట్టు ఏటి?" అంది కొర్లమ్మ.

లోవరాజు నా వైపు చూశాడు. నేను లాప్‌టాప్ వైపు చూశాను. పల్లె అంతా అతని నోటి వైపు చూస్తోంది. అందలేదు, ఆపండి అనడానికి ఒక్క మాట చాలు. అది అతని నోట రాలేదు.

"అదే అత్తా, సేపలు తగ్గితే ఇత్తారట."

"అయితే మంచిదే" అంది కొర్లమ్మ. ఆ సాయంత్రమే వేలిముద్రలు పడ్డాయి.

గొట్టం పడింది. వలలు తేలిగ్గా రావడం మొదలయింది. పల్లె పరిహారం అడగడానికి కంపెనీ ఆఫీసుకు వెళ్లింది. కమిటీ ధ్రువీకరించలేదని దేవీప్రసాద్ చెప్పాడు. కమిటీ ఏమిటని కొర్లమ్మ అడిగింది. వీడియో వెయ్యడానికి నన్ను పిలిపించారు.

షరతు దగ్గర ఆపమన్నాడు దేవీప్రసాద్. ఆపాను. ఆగిన బొమ్మ మీద అక్షరాలు ఎంతసేపైనా ఉంటాయి. గుమస్తా ఒకడు తీరిగ్గా చదివి వినిపించాడు.

"లైను ఉందా లేదా?" అన్నాడు దేవీప్రసాద్. "చదివింది మీవాడు. మమ్మల్నడిగితే?"

"ఆపకుండా వెయ్యి బావా" అన్నాడు లోవరాజు. "ఒక్కసారి ఆపకుండా వెయ్యి. ఎంతసేపుందో ఆళ్లే సూత్తారు. నా నోటికి అందదని నీకు తెలుసు. నేనే సెప్పేను నీకు."

మౌసు మీద వేలు ఉంది. నొక్కితే అతను బతికిపోతాడు.

"ఆఫీసు ఫైలు లోవరాజూ. వాళ్లు చెప్పకుండా నేను వెయ్యకూడదు. అయినా ఆయన గొంతు ఎంతసేపుందో అక్షరం అంతసేపుంది."

"మరి తగ్గితే ఇత్తారని నువ్వే కదరా సెప్పేవు?" కొర్లమ్మ లోవరాజు చొక్కా పట్టుకుంది. "మా అని సదివి ఆపేసి నా మొకం సూసి అబద్దం ఆడేవు. కమిటీని మింగీసేవు. ఎంత ఇచ్చేర్రా? నీ పెళ్లాం మెళ్లోకా, నీ పడవలోకా?"

తగ్గితే ఇస్తారన్నది అతని మాటే. చొక్కా విడిపించుకుని బయటికి నడిచాడు. గుమ్మం దాటేలోపు ఎవరో మీద ఉమ్మేశారు. తుడుచుకోలేదు.

ఇప్పుడు లెక్క చూసుకుంటే ఇలా ఉంది. లోవరాజును ఏ పడవా ఎక్కించుకోలేదు. అతని భార్య దుర్గాలక్ష్మి చేపల గంపను కొర్లమ్మ పక్కన ఎక్కడా దించనివ్వలేదు. ఇద్దరూ పాయకరావుపేట పోయి ఐసు ఫ్యాక్టరీలో చేరారని విన్నాను. అక్కడ అతను ఏమీ చదవడట. జీతం చీటీ కూడా పక్కవాడికిచ్చి చదివించుకుంటాడట.

నాకు కంపెనీ వీడియోలన్నీ వచ్చాయి. రెండో గది తీసుకున్నాను. ఒక్కటే ఇబ్బంది వచ్చింది. ఆ పల్లెలో ఇప్పుడు నిలబడి చదవడానికి ఎవడూ ముందుకు రావడంలేదు. అక్షరాలు గోడ మీద వచ్చి పోతున్నాయి, జనం ఊరికే చూస్తున్నారు. అందుకని కంపెనీ తెలుగులో చదివే గొంతు కూడా పెట్టించమంది. అక్షరాలు, గొంతు రెండూ నా దగ్గరే చేయిస్తున్నారు. గొంతుకు వేరే రేటు.