ఐదు కాదు, ఐదున్నర

పరుగు పొద్దు పొడవకముందే మొదలవ్వాలి. కానీ జెండా ఊపాల్సిన అధికారిగారి కారు రాలేదు. ఆయన వచ్చి, కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, జెండా చేతిలోకి తీసుకునేసరికి ఎండ వీపు మీద చురుక్కుమంటోంది.

పది కిలోమీటర్లు వెళ్లి, పది వెనక్కి రావాలి. మొదటి ఇద్దరికే శిక్షణ హాస్టల్లో సీటు. వచ్చే ఏడాదికి అక్క వయసు దాటిపోతుంది. ఇవాళ రాకపోతే ఇక రానట్టే.

నీళ్లివ్వడానికి, వేగం చెప్పడానికి ఒక్కొక్కరి వెంట ఒక సైకిల్ ఉండొచ్చు. అక్క వెంట నేను.

"కిలోమీటరుకి ఐదు నిమిషాలు. అంతకన్నా మెల్లగా పరిగెత్తేవాళ్లు సీటు సంగతి మర్చిపోండి," అన్నారు కోచ్ సార్.

ఆ లెక్క చల్లటి తెల్లవారుజాముకి, చదునైన రోడ్డుకి వేసింది. ఇప్పుడు పైన ఎండ, ఎదురుగా గాలి, దారిలో కొండ. నేను అక్క చెవిలో చెప్పాను.

"ఐదు కాదక్కా, ఐదున్నరలో వెళ్లు."

"పిచ్చి పట్టిందా? మెరుపు ఐదులోనే పోతుంది."

మెరుపంటే పోయినసారి పోటీలో అందరికన్నా ముందొచ్చిన అమ్మాయి.

"పోనీ. నువ్వు మాత్రం ఆ పొడుగమ్మాయి వెనకే ఉండు. గాలి ఆమెకి తగుల్తుంది, నీకు తగలదు."

జెండా ఊపారు. మెరుపు ఒక్క ఉదుటున దూసుకుపోయింది. ఆమె అన్న సైకిల్ తొక్కుతూ వెనక్కి తిరిగి నన్ను చూశాడు.

"ఏమ్మా, మీ అక్క పరుగుకొచ్చిందా, షికారుకొచ్చిందా?"

నేను తల దించుకుని తొక్కాను. హ్యాండిల్‌కి కట్టిన తడిగుడ్డ గాలికి టపటపా కొట్టుకుంటోంది. పొడుగమ్మాయి వీపు చాటున అక్క తల వంచుకుని పరిగెడుతోంది.

కొండ మొదలయ్యాక అక్క చూపు మాటిమాటికీ చేతిగడియారం మీదికే పోతోంది.

"కిలోమీటరుకి ఆరు దాటింది!"

"దాటనీ. అడుగు చిన్నది చెయ్. మాట్లాడేంత ఊపిరి ఉంటే చాలు. ఏదో ఒకటి మాట్లాడు."

"ఇంటికెళ్లాక... నిన్ను... చంపేస్తా."

"ఊపిరి బాగానే ఉంది. పద."

దిగుడులో పోయిన సమయం రాబట్టుకోవాలని అక్క కాళ్లు వదిలేసింది. "మోకాళ్లు పోతాయి, వద్దు," అన్నాను. విసుక్కుంటూనే తగ్గింది. వెనక్కి తిరగాల్సిన మలుపు దగ్గరికి చేరకముందే మెరుపు మాకు ఎదురొచ్చింది. మొహం కందిపోయింది, కానీ వేగం తగ్గలేదు. అక్క ఆరో స్థానంలో ఉంది. నా లెక్క తప్పయితే?

మలుపు తిరగగానే గాలి మా వెనకవైపుకి మారింది. పొడుగమ్మాయి నెమ్మదిగా ముందుకి సాగింది. అక్క ఒక్కసారిగా వేగం పెంచింది.

నా మెడ వెంట చెమట కారుతోంది. హ్యాండిల్ మీది గుడ్డ కదలకుండా వేలాడుతోంది. గాలి మాతోపాటే వస్తోంది, ఒంటికి తగలడం లేదు.

"ఆగూ!" అని అరిచాను. అంత గట్టిగా అరవగలనని నాకే తెలియదు.

"గాలి తోస్తోంది కదే!"

"తోస్తోంది, కానీ చల్లబరచట్లేదు. ఆ గుడ్డ చూడు! ఐదుంపావు కన్నా వేగం వద్దు."

అక్క గుడ్డ వంక చూసింది. వేగం తగ్గించింది. ఆమె నెత్తి మీద, మెడ మీద నీళ్లు పోశాను.

కొండ మళ్లీ ఎక్కే ముందు ఒకమ్మాయి రోడ్డు పక్కన కూలబడి ఉంది. ఎక్కుడులో ఇద్దరు నడుస్తూ కనిపించారు. అక్క చిన్న అడుగులతో వాళ్లని దాటేసింది. కొండ దిగాక, ముందు పొడుగమ్మాయి, ఆమె వెనక మెరుపు. మెరుపు రోడ్డుకి ఆ చివరికీ ఈ చివరికీ ఊగుతూ నడుస్తోంది. అక్క ఆమెని దాటింది. రెండో స్థానం.

"నీళ్లున్నాయా?" అన్నాడు మెరుపు అన్న. అతని సీసా ఖాళీ. గొంతులో వెటకారం లేదు.

నా దగ్గర ఉన్నది సగం సీసా, అదీ అక్కకోసం. అక్కని చూశాను.

"ఇచ్చెయ్," అంది వెనక్కి తిరగకుండానే.

ఆ నీళ్లు నెత్తిన పోసుకుని, కాస్త తాగి, మెరుపు మళ్లీ పరుగందుకుంది. అడుగుల చప్పుడు దగ్గరవుతోంది. అక్క పెదాలు ఎండిపోయాయి.

"ఎంత?" అంది.

"వేగం అడగకు. ఇంకొక్క కిలోమీటరే. ఎంత మిగిలి ఉంటే అంతా పెట్టెయ్!"

అక్క పెట్టేసింది. మెరుపు భుజం అక్క భుజం పక్కకి వచ్చింది. ఒకరి ఊపిరి ఒకరికి వినిపించేంత దగ్గర. ముగింపు గీతకి ఇంకా కొంత దూరం ఉండగా మెరుపు కాళ్లు తడబడ్డాయి. అన్న సైకిల్ వదిలేసి ఆమెని పట్టుకున్నాడు. అక్క గీత దాటి, దాటిన చోటే కూలబడింది.

కోచ్ సార్ గడియారం చూసుకున్నారు. ఐదు నిమిషాల లెక్కలో ఒక్కరూ రాలేదు.

"మొదటి అమ్మాయి ఇదిగో. రెండో అమ్మాయి ఎవరు?" అన్నారు అధికారిగారు.

అక్క చెయ్యి లేవలేదు. నేనే దాన్ని పట్టుకుని పైకెత్తాను.