ఫైలు యాడుంది మామా

మాట పడిపోయి ఆరు గంటలైంది. కుడిచేయి కూడా నాది కాకుండా పోయింది. వినికిడి మాత్రం నిన్నటికంటే పదునుగా ఉంది.

నంద్యాల ఆసుపత్రిలో నా మంచం పక్కన పెద్దకొడుకు లోకేశ్ ఫోను పట్టుకుని నిలబడ్డాడు. ఆళ్లగడ్డ ఇంట్లోంచి నా భార్య అనసూయ అరుస్తోంది.

"బీరువా మొత్తం దించినా. పచ్చ ఫైలు ల్యా! పై అరలో పెట్టినానని మీ నాయనే గదా అందరికీ చూపిచ్చింది?"

చూపించింది నేనే. నిరుడు పెద్దకోడలు హిమబిందు పట్టుబడితే తయారుచేసిన ఫైలు. ఆరోగ్య పాలసీ, బ్యాంకు ఖాతాలు, నామినీల పేర్లు, ఇంటి దస్తావేజుల నకళ్లు, నాలుగేళ్ల కిందట బెంగళూరులో గుండెకు పెట్టిన పేస్‌మేకర్ కార్డు. ఏ కాగితం దేనికో, ఎవరికి ఫోను చేయాలో మొదటి పేజీలో నా చేత్తో రాశాను. ఫొటోలు తీసుకుంటానని ఆమె అంటే, "మన కాగితాలు ఊరంతా తిరగాల్నా?" అని కసిరాను.

రెండు నెలల కిందట వాళ్ల గదిలోంచి ఆమె గొంతు వినబడింది. "మామకేమన్నా అయితే ఆ ఫైలే మనకు దిక్కు." అందులో మొదటి సగమే నాలో మిగిలింది. దాన్ని కోరికగా విన్నాను. వారం తిరగకముందే ఫైలు తీసుకెళ్లి మా అంగట్లో తూకపురాళ్ల పెట్టెలో దాచాను. ఎలక్ట్రానిక్ కాటా వచ్చాక ఆ రాళ్లతో పని లేదు. దసరాకు మాత్రం నేనే కడిగి బొట్లు పెడతాను, ఎవర్నీ ముట్టనివ్వను. అవసరం వస్తే నోటితో చెప్పొచ్చులే అనుకున్నాను.

డాక్టర్ వినీత వచ్చింది. "సీటీలో రక్తస్రావం లేదు. ఎమ్మారై కావాలి. కానీ పేస్‌మేకర్ ఏ రకమో, దాని వైర్లు ఏవో తెలియకుండా లోపలికి పంపలేం. కార్డు దొరికిందా?"

"ఎతుకుతాండామమ్మా. బెంగళూరుకు ఫోను చేస్తే ఈరోజు ఆదివారం, రికార్డులు రేపంటాండారు," అన్నాడు లోకేశ్.

"కింద కౌంటర్లో పాలసీ నంబరూ అడుగుతున్నారు. కంపెనీకి ఈరోజే తెలియజేయాలి."

"ఏ కంపెనీనో నాయనకే తెలుసు. బ్యాంకులో కట్టినాడు. ఈరోజు బ్యాంకు ల్యా."

పుర్రె లోపలి గోడలకు కొట్టుకుంటూ ఒకటే మాట తిరుగుతోంది. రాళ్ల పెట్టె. నాలుక దగ్గరికి వచ్చేసరికి అది వట్టి మూలుగు.

మంచానికి అటుపక్కనున్న హిమబిందు వంగి నా ఎడమచేయి పట్టుకుంది. "మామా, ఇనపడతాందా? ఔనంటే ఒత్తు."

ఒత్తాను.

"ఫైలు యాడుంది మామా? ఇంట్లోనా?"

కదల్లేదు.

"అంగట్లోనా?"

ఒత్తాను.

"గల్లాలోనా? దేవుని పటాల ఎనకనా? లెక్క పుస్తకాల కాడనా?"

దేనికీ ఒత్తలేదు. లోకేశ్ విసుక్కున్నాడు. "నాయనకు తెలివి ల్యా బిందూ. ఊరికే ఒత్తుతాండాడు. అంగట్లో నువ్వు ఎరగని మూల యాడుంది? బిల్లులన్నీ నువ్వేగా రాసేది."

ఆమె నా ముఖానికి దగ్గరగా జరిగింది. గొంతు తగ్గించింది.

"నా కంట పడగూడదని తీసినావా మామా?"

ఒత్తకపోతే తెలివి లేదన్న మాటే నిజమవుతుంది, ఆమె అడగడం మానేస్తుంది. ఒత్తితే, ఇక ఈ ఇంట్లో నేను ఏ ముఖంతో అన్నం తింటాను? ఇంత చిన్న గదిలో నన్ను నేనే పెట్టుకున్నాను, తలుపు ఆమె వైపుంది.

ఒత్తాను.

ఆమె చేయి వదల్లేదు. చల్లబడింది అంతే. కళ్లు మూసుకుని తనలో తాను అనుకుంది. "అయితే నేను ముట్టని తావే. అంగట్లో నేను ముట్టనిదేంది..." కళ్లు తెరిచింది. "రాళ్ల పెట్టె."

నా వేళ్లు ఆమె వేళ్లను నలిపేశాయి.

ఆమె ఫోను చేస్తే ఆళ్లగడ్డలో చిన్నకొడుకు రాకేశ్ వెంటనే అంగడి తెరిచాడు. పావుగంటలో ఫొటోలు ఆమె ఫోనుకు వచ్చాయి. కార్డు ముందువైపు, వెనకవైపు. పాలసీ. చివరికి నేను రాసిన మొదటి పేజీ. ఫోను చేయాల్సిన వాళ్ల జాబితాలో రెండో పేరు హిమబిందు. ఫైలు దాచిన రోజున ఆ పేరు మీద రెండు గీతలు గీసి కొట్టేశాను.

ఫోను తెర మీద ఆమె వేలు ఒకచోట ఆగింది. తర్వాత పైకి జరిపింది. కార్డు ఫొటో డాక్టర్‌కు చూపించింది. పాలసీ నంబరు చదివి చెప్పి లోకేశ్‌ను కిందికి పంపింది. గొంతులో ఏ తేడా లేదు.

డాక్టర్ కార్డు రెండుసార్లు చదివింది. "ఇది ఎమ్మారైకి పనికొచ్చేదే. టెక్నీషియన్ వచ్చి పేస్‌మేకర్ సెట్టింగ్ మార్చాక తీసుకెళ్దాం."

వార్డుబాయ్ యోహాను స్ట్రెచర్ తెచ్చాడు. "పెద్దాయనా, మోత బో ఉంటాది లోపల. బయపడొద్దు, కదలొద్దు." కదలమన్నా కదలలేని వాడితో ఆ మాట అని తనే నవ్వాడు.

హిమబిందు నా ఎడమచేతిని తీసి దుప్పటి కింద పెట్టి, అంచు సర్దింది. కార్డు దొరికింది, నంబరు దొరికింది. నన్ను అడగాల్సింది ఇంకేమీ లేదు.

దుప్పటి కింద, ఆమె చేయి లేకున్నా, నేను ఒత్తుతూనే ఉన్నాను. స్ట్రెచర్ కదిలింది.