పక్క నుంచి ఆయన

అది అప్పగింతల ఫొటో. పెళ్ళికూతురు మాధవీలత పాలలో ముంచిన చేతిని అత్తగారి చేతిలో పెడుతోంది. పక్కనే నిలబడి, ఆమె తలమీద చెయ్యి వేసి, ఆమె వైపే ముఖం తిప్పి చూస్తున్నవాడు పినతండ్రి దుర్గాప్రసాద్. తండ్రి భావనారాయణ పోయి అయిదేళ్ళయింది. పినతండ్రి ముఖం తీసేసి ఆ చోట తండ్రి ముఖం పెట్టించాలని తల్లి మల్లేశ్వరి మంగళగిరి నుంచి బ్రాడీపేటలోని ఈ ఫొటో ల్యాబుకి రావడం ఇది రెండోసారి. పదహారు రోజుల పండక్కి కూతురు ఇంటికొచ్చేసరికి ఫొటో గోడమీద ఉండాలి. అయిదు రోజులే ఉంది.

కన్యాదానం ఫొటోలో పెట్టించకూడదా అని ఎవరో అన్నారు. అందులో దుర్గాప్రసాద్ పక్కన పీటలమీద అతని భార్య ఉంది. "అక్కడ అన్నయ్య తల పెడితే మా ఆవిడ ఊరుకున్నా నువ్వు ఊరుకోవు వదినా" అని అతనే నవ్వించాడు. అప్పగింతల ఫొటో అలా ఖాయమైంది.

కంప్యూటర్ ముందు కూర్చున్న ఉస్మాన్ తను చేసింది తెరమీదికి తెచ్చాడు. ముప్పై దాటినవాడు, నిదానస్తుడు. ఆమెకి బాగా కనపడేట్టు కుర్చీ పక్కకి జరుపుకున్నాడు.

మల్లేశ్వరి చూసింది. ముఖం భర్తదే. మీసం, నుదుటి గీతలు, బుగ్గమీద పుట్టుమచ్చ, అన్నీ ఉన్నాయి. అయినా ఒకడుగు వెనక్కి వేసింది. పక్కకి తిరిగి ఉన్న మెడమీద, పళ్ళెం ఆనించి పెట్టినట్టు, చదునుగా ఉంది ముఖం.

"కూతుర్ని చూడట్లేదు బాబూ ఈయన" అంది. "మనల్ని చూస్తున్నాడు."

"కూతురు అత్తారింటికి పోతుంటే ఫొటోగ్రాఫర్ని చూస్తాడా మా అన్న!" అన్నాడు ఆమె వెంట వచ్చిన దుర్గాప్రసాద్. "పైగా మచ్చ కుడి బుగ్గకి వచ్చిందేంది? అన్నకి ఎడంవైపు గదా."

"అది నా తప్పేనండి" అన్నాడు ఉస్మాన్. "నేతగాళ్ళ గుర్తింపు కార్డులో ఫొటో ఇచ్చారు గదా, దానిమీద కుడి బుగ్గమీద ఆఫీసు ముద్ర పడింది. అప్పగింతల ఫొటోలో కనపడేది కుడివైపే. అందుకని ఎడం సగాన్ని తిరగేసి వాడాను. దాంతోపాటు మచ్చా వచ్చేసింది. అది తీసెయ్యడం నిమిషం పని. తీసినా ఇది నిలబడదు. ఇంకేదన్నా ఫొటో ఉందా, పక్కనుంచి తీసింది? కొంచెం తిరిగి ఉన్నా చాలు."

లేదు. ఆయన జన్మలో ఫొటోలకి నిలబడిందే మూడుసార్లు. కార్డుకొకసారి, రేషన్ కార్డుకొకసారి, తన పెళ్ళప్పుడొకసారి. మూడింటిలోనూ కొయ్యలా ఎదురుగానే. గోడకున్న పెద్ద పటం కూడా ఆ కార్డు ఫొటోని పెద్దది చేయించిందే.

ఉస్మాన్ రెండు ఫొటోలనీ పక్కపక్కన పెట్టి, రెండింటి మీదుగా అడ్డంగా సన్నటి గీతలు లాగాడు. కనుబొమల దగ్గర ఒకటి, ముక్కు అడుగున ఒకటి, పెదవుల మధ్య, గడ్డం కింద.

"తల పక్కకి తిప్పినా ఈ ఎత్తులు మారవమ్మా. కళ్ళు ఎక్కడ, నోరు ఎక్కడ అన్నది ఎదురు ఫొటోలోనే దొరుకుతుంది. చెవి పైకొన, కిందికొన కూడా. చర్మం, మీసం కూడా అదే ఇస్తుంది. ముక్కు ఎంత వెడల్పో ఇస్తుంది. ఎంత ముందుకొచ్చిందో ఇవ్వదు. గడ్డం ముందుకుందా వెనక్కుందా, అదీ తెలియదు. పైగా ఫ్లాష్ సూటిగా కొట్టారు, కనీసం నీడన్నా లేదు చూసి అంచనా కట్టుకోడానికి."

"మరి?"

"ప్రసాద్ గారి పక్కముఖాన్నే ఉంచి, ఈ గీతలకి తగ్గట్టు కన్నూ నోరూ జరిపి, పైన అన్నగారి మీసం, చర్మం వేస్తాను. అన్నదమ్ములు గదా, దవడ, చెవి సరిపోతాయి. ముక్కుగీత మాత్రం మీరు చెప్పాలి. ఎట్టా ఉండేది?"

మల్లేశ్వరి రెండు ఫొటోలనీ మార్చి మార్చి చూసింది.

"ముక్కు... మామూలు ముక్కే బాబూ."

"వంపు ఉండేదా? సూటిగానా?"

ఆమె కళ్ళు మూసుకుంది. ఆయన వస్తాడనుకుంది. వచ్చింది గోడమీది పటం. కార్డు ఫొటో. ఎదురుగా, గుడ్లప్పగించి. ఎంత పక్కకి జరిగినా ఆ ముఖం తనతోపాటు తిరిగి ఎదురుగానే నిలబడింది. ఇరవై రెండేళ్ళు గుంట మగ్గం పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టింది తను. ఆయన మగ్గం గుంటలో, తను గట్టుమీద. చూసిందంతా పక్కనుంచే. ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నది ఎన్నడు? ఆ మనిషి ఎక్కడికి పోయాడు? అయిదేళ్ళలో గోడమీది కాగితం లోపలి మనిషిని తినేసిందా?

ఈ భయం కొత్తది కాదు. పెళ్ళిరోజున, చెల్లెలు "బావ ఉంటే ఇట్టా తల వంచుకుని ఏడ్చేవాడే" అన్నప్పుడు, తల వంచుకున్న భర్త కనపడక చటుక్కున లేచి వంటశాల వైపు వెళ్ళిపోయింది. ఫొటో కావాలన్నది కూతురి కోసమేనని అందరితో అంది. తనకోసమని ఎవరితో అంటుంది? మొగుడి ముఖం మర్చిపోయానని ఏ ఆడది చెప్పుకుంటుంది?

"గుర్తు రావట్లేదు బాబూ" అంది నేలచూపులు చూస్తూ.

ఉస్మాన్ తేలిగ్గా నవ్వాడు. "నేను అడగడమే తప్పమ్మా. మా అమ్మ ముక్కు ఎట్టా ఉంటుందో చెప్పమంటే నేనూ చెప్పలేను. రోజూ ఆమె పెట్టిందే తింటాను. చెప్పమంటే ఎవరూ చెప్పలేరు. చూస్తే చెప్తారు. నేను కదుపుతూ పోతాను, ఆయన అనిపించినచోట ఆపండి."

దుర్గాప్రసాద్ పక్కముఖం తెరనిండా వచ్చింది. ఉస్మాన్ గుండ్రటి బ్రష్‌తో ముక్కుగీతని మెల్లగా తోశాడు. తడిమట్టిలా కదిలింది గీత. కొంచెం వంపు. ఇంకొంచెం. మల్లేశ్వరి చూస్తూనే ఉంది. ఏదీ ఆయన కాలేదు, ఏదీ కాకుండా పోలేదు.

"నా ముక్కుని అట్టా లాగుతుంటే నాకే నొప్పిగా ఉంది" అన్నాడు దుర్గాప్రసాద్.

"ఊరుకోవయ్యా" అంది ఆమె. "బాబూ, నాకు ఇది... ఈ వైపు తెలియదేమో. నేనెప్పుడూ ఆయనకి ఎడంపక్కనే కూర్చునేదాన్ని. కండెల బుట్ట అటే."

ఉస్మాన్ చెయ్యి ఆగింది. ఆమె వైపు తిరిగి చూశాడు. "ముందే చెప్పొద్దా అమ్మా!" అన్నాడు, మీట నొక్కాడు. బొమ్మ మొత్తం తిరగబడింది. కుడికి చూస్తున్న ముఖం ఎడమకి చూస్తోంది. "ముక్కుగీత ఎటునుంచి చూసినా దాదాపు ఒకటే. పనయ్యాక మళ్ళీ తిప్పేస్తాను. ఇప్పుడు మీరు గట్టుమీద కూర్చున్నట్టే."

గీత కదిలింది. మళ్ళీ సూటిగా సరిచేసిన ముక్కు మధ్యలో చిన్న గూను లేచింది. మల్లేశ్వరికి చేతివేళ్ళ మధ్య నూలు ఉన్నట్టనిపించింది.

"ఆపు."

ఆగింది.

"కింది పెదవి... కొంచెం లోపలికి. ఇంకా. ఆఁ. గడ్డం కూడా. అంత కాదు, కొంచెం ముందుకి. ఆపు."

బయట రోడ్డుమీద మిరపకాయ బస్తాల లారీ పోయినట్టుంది, కిటికీలోంచి ఘాటు లోపలికొచ్చి దుర్గాప్రసాద్ తుమ్మాడు. ఆమె కదల్లేదు. తెరమీద ఆయన కొంచెం ముందుకి వంగి ఉన్నాడు, తెగిన పోగు వెతుక్కుంటున్నట్టు.

ఒక్క క్షణం సంతోషం. ఆ వెంటనే అనుమానం. నిజంగా ఆయనేనా, లేక ఎంతసేపని చూస్తాంలే అని తన మనసు సరిపెట్టుకుందా? ఇప్పుడు ఈ బొమ్మ కూడా పటంలాగే లోపల చేరి ఆయన చోట కూర్చుంటుందా?

"నేను ఊహించుకుంటున్నానేమో బాబూ" అంది.

"చూద్దాం" అన్నాడు ఉస్మాన్. ఆ బొమ్మని దాచేశాడు. పాత పక్కముఖాన్ని మళ్ళీ తెచ్చి, ఈసారి ముక్కుని ముందే బాగా వంచేశాడు, గద్దముక్కంత. గడ్డాన్ని లోపలికి నెట్టేశాడు. "ఇందాక తక్కువ నుంచి ఎక్కువకి వచ్చాం. ఇప్పుడు ఎక్కువ నుంచి తక్కువకి వస్తాను. ఇందాకటిది మర్చిపోండి. ఆయన అయినప్పుడే చెప్పండి."

"అన్నయ్య రామచిలక అయ్యాడు" అన్నాడు దుర్గాప్రసాద్. ఈసారి ఎవరూ అతన్ని కసరలేదు.

గూను తగ్గుతూ వచ్చింది. కాదు. కాదు. కాదు. ఆమె ఆలోచించడం మానేసింది. వేళ్ళు ఒళ్ళో వాటంతటవే ఏదో చుడుతున్నాయి.

"ఆపు. పెదవి కొంచెం ఇటు. గడ్డం ముందుకి. చాలు."

ఉస్మాన్ దాచిన బొమ్మని బయటికి తీసి, దీనిమీద పరిచి, పైదాన్ని సగం పలచన చేశాడు. రెండు పక్కముఖాలు ఒకదాని కింద ఒకటి. రెండు గీతలు ఉండాల్సిన చోట ఒకటే గీత కనపడింది. గడ్డం దగ్గర మాత్రం వెంట్రుక మందాన విడిపోయి మళ్ళీ కలిసింది.

"చూశారా" అన్నాడు. "రెండు దారుల్లో వచ్చి ఒకే ఇంటి ముందు ఆగారు. ఊహ అయితే ఇట్టా ఆగదమ్మా. ఆయన ముఖం మీ దగ్గర భద్రంగానే ఉంది."

మల్లేశ్వరి పమిట కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు వస్తుందనుకుంది, రాలేదు. పెద్ద ఊపిరి ఒకటి వచ్చింది. అది ఎక్కడి నుంచి వచ్చిందో, ఎన్నాళ్ళ నుంచి లోపల ఉందో ఆమెకే తెలియలేదు. ఆయన ఎక్కడికీ పోలేదు. పిలవడం తనకి చేతకాలేదు, అంతే. తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు.

తర్వాత గంటసేపు ఉస్మాన్ చేసింది ఆమె చూసింది గాని పట్టించుకోలేదు. బొమ్మని మళ్ళీ కుడికి తిప్పాడు. మచ్చలేని బుగ్గ వేశాడు. మీసంలో కనపడే సగాన్ని మాత్రం కుదించి పెట్టాడు. అవతలి కంటివి, ముక్కుమొదలు దాటి రెప్పవెంట్రుకలు రెండు మూడు మాత్రం కనిపించేట్టు వదిలాడు. కంటిపాపని కొద్దిగా కిందికి జరిపాడు. అప్పుడు చూపు కూతురి నెత్తిమీది జీలకర్ర బెల్లం మీద పడింది.

"ఇప్పుడు చూస్తున్నాడు" అంది ఆమె.

"మెడ దగ్గర ఇంకా పని ఉందమ్మా. రంగు కలవలేదు. ఎల్లుండి వచ్చి తీసుకోండి."

"నువ్వు ఎట్టా చేసినా సరే బాబూ. నాకు బెంగ లేదు ఇంక."

మెట్లు దిగుతుంటే దుర్గాప్రసాద్ అన్నాడు, "ఒంటి గంట దాటింది వదినా. పొద్దున కాఫీ తప్ప నువ్వేం తినలేదు. బస్సెక్కేముందు ఏదన్నా..."

"భోజనమే చేద్దాం" అంది మల్లేశ్వరి. "ఆకలిగా ఉంది."

అతను ఆగి ఆమె ముఖంలోకి చూశాడు. పెళ్ళి పనులు మొదలైన దగ్గర్నుంచి ఆ మాట ఆమె నోట విననేలేదు. ఆమె అప్పటికే రోడ్డు దాటుతోంది, హోటల్ ఎటో కూడా అడక్కుండా.