మూడు నెలలు తక్కువ

శ్రీకాకుళంలో నర్సుగా చేస్తున్న ఉష, ఏడాది కోర్సు కోసం ఉద్యోగం మానేయాలనుకుంది. ఫీజు పోగా మూడు లక్షలున్నాయి. ఇంటి ఖర్చు నెలకు ఇరవై వేలు కాబట్టి అవి పదిహేను నెలలకే వస్తాయి. చదువుకు పన్నెండు, మళ్లీ ఉద్యోగం దొరికేదాకా మూడు, ఆపదకని ఇంకో మూడు, మొత్తం పద్దెనిమిది నెలలకు కావాలి.

“మూడు నెల్లకి సాలవు. ఇంకేటి సదువు? మానీ,” అన్నాడు అన్న శివాజీ ఫోను దించకుండా.

ఫోనులో డబ్బు కట్టి ఆడే పేకాట నడుస్తోంది. ఇంటర్వ్యూలకని నెలనెలా అతను తన దగ్గర తీసుకునే మూడున్నర వేలు ఎటు పోతున్నాయో ఉషకు అప్పుడర్థమైంది. కాగితం మీద రాసుకున్న ఇరవై వేల లెక్కలోంచి ఆ పద్దు కొట్టేసింది. పదహారున్నర వేల చొప్పున పద్దెనిమిది నెలలూ గడుస్తాయి.

“మరి నాకో?” అన్నాడు శివాజీ అది చూసి.

“నిన్ను సూత్తేనే రోతగా ఉన్నాది. అవతలికి పో.”

మర్నాడే రాజీనామా ఇచ్చింది.