రాని విగ్గుకి ఐదు స్టార్లు

తిరుపతిరావు ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీలో కాటా దగ్గర గుమాస్తా. చెరుకు బండి తూకంలో కిలో తేడా వచ్చినా పట్టేస్తాడు. నెత్తి మీద మిగిలిన నాలుగు వెంట్రుకల సంగతి మాత్రం ఎవరూ ఎత్తకూడదు. అందుకే క్రెడిట్ కార్డు మీద ఆరు వేల అయిదు వందలు పెట్టి ఆన్‌లైన్‌లో విగ్గు తెప్పించుకుని, భార్య రామతులసికి మిక్సీ జార్ అని చెప్పాడు.

తీరా చూస్తే, నల్లటి సాఫు జుట్టు రావాల్సిన పెట్టెలో గోధుమరంగు ఉంగరాల జుట్టుంది. వాసన ప్లాస్టిక్ బకెట్‌ది.

విజయవాడలో బ్యాంకుకెళ్ళి, కార్డుల విభాగంలో ఉన్న హెప్సిబా ముందు గొంతు తగ్గించి కూర్చున్నాడు.

"ఈ లావాదేవీ నేను చేయలేదు మేడమ్. ఎవరో మోసగాళ్ళు."

"ఓటీపీ ఎవరికొచ్చిందండీ?"

"నాకే."

"ఎవరికైనా చెప్పారా?"

"లేదు. నేనే కొట్టాను." చెప్పేశాక నాలుక కరుచుకున్నాడు.

హెప్సిబా నవ్వు ఆపుకుంది. "మోసమని రాస్తే మీ కార్డు ఆపేస్తాం. అవతలివాళ్ళు ఓటీపీ, మీ ఇంటి అడ్రసూ చూపిస్తారు. అబద్ధం చెప్పారని కేసు పోతుంది. నిజం చెప్పండి. దానికీ దారుంది."

పక్క కౌంటర్ వైపు చూసి, విగ్గు అని పెదవులతో మాత్రం పలికాడు. రెండోసారికి ఆవిడకి అర్థమైంది.

"నచ్చలేదంటే కుదరదండీ. ఒకటి చెప్పి ఇంకొకటి పంపితే ఛార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు కార్డుకి వెనక్కి, అడగొచ్చు. ముందు వాళ్ళనే అడిగారా?"

అడిగాడు. వెనక్కి పంపుతానని మెయిల్ పెడితే, తలకి పెట్టుకునే వస్తువులు వాపసు తీసుకోం అని జవాబిచ్చారు.

"ఆ రెండు మెయిల్సూ మనకి బంగారం. ఆర్డర్ ఖాయం చేసిన మెయిల్లో ఏముంది?"

'నూరు శాతం మనిషి జుట్టు, నలుపు' అని ఉంది. వచ్చిన పెట్టె మీద చీటీలో 'సింథటిక్ ఫైబర్, బ్రౌన్' అని ఉంది. ఆ చీటీ ఫొటో కూడా జత చేయించింది హెప్సిబా.

"దాన్ని వాడకండి, కత్తిరించకండి, పారేయకండి. అడిగితే తిరిగివ్వాలి. దీనికి గడువుంటుందండీ, వెంటనే రావడం మంచిదైంది."

మూడు వారాలకి హెప్సిబా ఫోన్ చేసింది. "అమ్మినవాళ్ళు జవాబిచ్చారు సార్. మీ రివ్యూ పెట్టారు. చదవమంటారా? 'పెట్టుకోగానే పదేళ్ళు తగ్గాను. మా ఆవిడే నన్ను గుర్తుపట్టలేదు. ఐదు స్టార్లు.'"

తిరుపతిరావు ఫోన్‌ని చేత్తో కప్పి అటూ ఇటూ చూశాడు. ఆర్డర్ పెట్టిన రోజే రివ్యూ రాస్తే వంద రూపాయల కూపన్ ఇస్తామన్నారు. పార్సిల్ రాకముందే రాసేశానని ఒప్పుకున్నాడు.

"అయితే బతికారు. రివ్యూ పదకొండో తారీఖుది. పార్సిల్ ఎప్పుడొచ్చిందో రుజువు తెండి."

ఆ రుజువు రామతులసి ఫోన్లో ఉంది. డ్యూటీలో ఉంటానని డెలివరీకి ఆమె నంబరే ఇచ్చాడు మరి.

ఆ సాయంత్రం వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "తులసీ, నీ ఫోన్ ఒకసారి ఇస్తావా? ఆ మిక్సీ జార్ మెసేజ్ కావాలి."

"ఉంగరాల జుట్టున్న మిక్సీ జారా అండీ?"

ఆయన గుమ్మానికి అతుక్కుపోయాడు. పార్సిల్ పద్నాలుగున వచ్చింది. జార్ పగిలిందేమో చూద్దామని ఆవిడ తెరిచిందట, కొరియర్ వాళ్ళతో తగాదా ఎందుకని వీడియో కూడా తీస్తూ. అట్ట మీద పేరు, పగలని సీలు, లోపల చీటీ అన్నీ అందులో పడ్డాయి. విగ్గుని చూసి ఏదో జంతువనుకుని ఆవిడ వేసిన కేకా పడింది. మళ్ళీ టేపు అంటించి, మొగుడు ఎప్పుడు చెబుతాడా అని ఎదురుచూస్తోంది.

"నన్ను అడగొచ్చుగా!"

"మీరు చెప్పొచ్చుగా!"

మర్నాడు ఇద్దరూ కలిసే బ్యాంకుకి వెళ్ళారు. కూపన్ కోసం ముందే రివ్యూ రాశానని తిరుపతిరావు చేతే రాయించి, డెలివరీ మెసేజ్, వీడియో జత చేసింది హెప్సిబా. కేక దగ్గర మాత్రం వీడియోని ఆవిడ రెండుసార్లు చూసింది. పని కోసమే అంది.

"ఏవండీ," రామతులసి ఆ రివ్యూ కాగితం చూస్తూ అడిగింది. "నేను గుర్తుపట్టలేదా మిమ్మల్ని?"

ఆయన తల గోక్కున్నాడు.

నెల తిరక్కముందే కేసు ఆయన పక్షాన తేలిందని మెసేజ్ వచ్చింది. కాటా మీద చెరుకు ట్రాక్టర్ ఉండగానే ఇంటికి ఫోన్ చేశాడు.

"తులసీ, వచ్చేశాయి!"

"ఏంటండీ, వెంట్రుకలా?"

"డబ్బులే!" అన్నాడు, ట్రాక్టర్ డ్రైవరు వింటున్నా గొంతు తగ్గించకుండా.