చూసుకొని రానీలే

నా కొడుకు అడిగేదానికి నా దగ్గర జవాబుంది. చెప్పొద్దన్నారు. తల్లి నోటికి తాళం వేసే వైద్యం కూడా ఒకటుందని నాకు ఈ వయసులో తెలిసింది.

నా పేరు మదార్‌బీ. మాది ఆళ్లగడ్డ. మా ఆయన దస్తగిరి పరుపులు కుట్టేవాడు. ఒక్కడే కొడుకు రఫీక్, ఆళ్లగడ్డకూ నంద్యాలకూ మధ్య ఆటో తోలతాడు. వాడు ఎంత నెమ్మదస్తుడంటే, ముందున్న గేదెకు హారన్ కొట్టాలన్నా మొహమాటపడతాడు. అలాంటివాడికి రెండేళ్ల కిందట ఒక భయం పట్టుకుంది. ఆటో గుంతలో దిగినా, రాయెక్కినా, ‘ఎవరినైనా గుద్దినానేమో’ అని. గుద్దలేదని కళ్లు చెప్తాయి, గుండె నమ్మదు. ప్యాసింజర్లను కూర్చోబెట్టుకునే ఆటో వెనక్కి తిప్పేవాడు. రోడ్డు మీద ఏమీ ఉండదు. అమ్మయ్య అనుకుని బయల్దేరతాడు. కాస్త దూరం పోగానే, ‘తిప్పుకునేటప్పుడు గుద్దింటే?’ అని ఇంకో భయం. మళ్లీ తిప్పుతాడు. ప్యాసింజర్లు నోటికొచ్చినట్టు తిట్టి దిగిపోయేవాళ్లు. ఇంటికొచ్చాక కూడా తెరిపి లేదు. మంచం మీద కూర్చుని కళ్లు మూసుకుని, పొద్దుటి నుంచి తోలిన దారంతా మనసులో మళ్లీ తోలేవాడు.

నేను తిట్టాను. "నీ తిక్క తగలెయ్య, పెండ్లాం ఉండాది, రేపు బిడ్డలైతారు, ఇట్లయితే యాడ బతుకుతావురా?" అన్నాను. దర్గాకు తీసుకుపోయి తాయెత్తు కట్టించాను. తాయెత్తు కట్టుకునే వెనక్కి తిప్పాడు.

మా ఆయన మాత్రం ఒక్కనాడూ తిట్టలేదు. కుడుతున్న పరుపు అట్లే వదిలేసి మోపెడ్ ఎక్కేవాడు. వాడు చెప్పిన చోటికి పోయి, గట్టు కింద కూడా చూసి వచ్చి, "చూసొచ్చినా నాయనా, ఏం లేదు. అన్నం తిను," అనేవాడు. అప్పుడు వాడు అన్నం తినేవాడు. మరునాడు ఇంకో చోటు చెప్పేవాడు. ఈయన మళ్లీ మోపెడ్ ఎక్కేవాడు. అది ప్రేమ కాదని ఎవరంటారు?

ఒకరోజు మధ్యాహ్నం ఆయనకు గుండెలో పట్టేసింది. ఇంటి దగ్గర డాక్టరు చూసి, గుండెపోటు, వెంటనే నంద్యాల పోవాలి, అంబులెన్సు పిలుస్తానన్నాడు. మా ఆయన చెయ్యి అడ్డం పెట్టాడు. "అంబులెన్సు యాల సార్? నా కొడుకు ఆటో ఉండాది," అన్నాడు. ఆ నొప్పిలో కూడా ఆ మాట ఎంత గర్వంగా అన్నాడో!

శిరివెళ్ల దాటగానే స్పీడ్ బ్రేకర్ మీద వెనక చక్రం దబ్బుమంది. రఫీక్ మెడ బిగుసుకోవడం నాకు వెనక నుంచి కనిపించింది. "వద్దురా రఫీ, పోనీయ్!" అన్నాను. ఆపేశాడు. "ఒక్క నిమిషం మా, చూసొస్తా," అని దిగి పరిగెత్తాడు. నేను కూడా దిగి, వాడి చొక్కా పట్టుకుని లాక్కురావాలని లేచాను. మా ఆయన నా చెయ్యి పట్టుకున్నాడు. ఒళ్లంతా చెమట.

"ఊరుకోమే," అన్నాడు. "చూసుకొని రానీలే. లేకుంటే వానికి పాణం కుదుటపడదు."

నేను కూర్చుండిపోయాను. వాడు వచ్చాడు, బండి కదిలించాడు, మళ్లీ ఆపి మళ్లీ వెనక్కి ఉరికాడు. నంద్యాల చేరేసరికి ఆయన నా భుజం మీద వాలి ఉన్నాడు. ఆసుపత్రిలో చూసి, అయిపోయిందన్నారు. "కొంచెం ముందొచ్చింటే బతికేటోడా సార్?" అని రఫీక్ ఆ డాక్టరు కాళ్ల మీద పడ్డాడు. "చెప్పలేం బాబూ. కొన్నిటికి ముందొచ్చినా లాభముండదు," అన్నాడాయన.

నేను ఇద్దత్‌లో కూర్చున్నాను. మొగుడు పోయిన ఆడది నాలుగు నెలల పైచిలుకు గడప దాటకూడదు. ఆ గడప లోపల నేను, నా కొడుకు, వాడి ప్రశ్న.

"మా, నాయనను నేనే సంపినానా?"

"లేదు నాయనా. ఆయన ఆయుష్షు అంతే. అల్లా రాసిపెట్టినాడు."

వాడి ముఖం తేటపడేది. నేను కుండలో నీళ్లు ముంచుకునేలోపు మళ్లీ వచ్చేవాడు. "నిజంగానా మా? నా మీద ఒట్టెయ్యి." ఒట్టు వేసేదాన్ని. మళ్లీ వచ్చేవాడు. ఆటో ఇంటి ముందు దుమ్ము కొట్టుకుపోయింది. నా నోరు ఎండిపోయింది కానీ వాడి దాహం తీరలేదు.

చివరికి కోడలు రేష్మా వాడిని బస్సెక్కించి నంద్యాలలో మనసు డాక్టరు దగ్గరకు తీసుకుపోయింది. ఓసీడీ అన్నాడట, పట్టుకున్న అనుమానం వదలని జబ్బట. బిళ్లలు రాసి, బ్లెస్సీ అనే కౌన్సిలర్ దగ్గరకు పంపాడు. నేను బయటికి రాకూడదు గనక ఒక ఆదివారం ఆ అమ్మాయే చర్చి నుంచి నేరుగా మా ఇంటికి వచ్చింది. తెల్ల చీర, చేతిలో బైబిలు. మా రేష్మా కంటే చిన్నదిలా ఉంది.

"పెద్దమ్మా, భయం అడగకుండా వస్తాది. అది ఎవరికైనా వస్తాది," అంది. "రఫీక్‌కు అది నిజమేమోనని పాణం కొట్టుకుంటాది. ఎనక్కి పోయి చూసినా, నిన్ను అడిగినా జర్రంత నెమ్మది. ఆ నెమ్మదే మోసం. ‘చూసినా కాబట్టి బతికినా, అడిగినా కాబట్టి బతికినా’ అని మనసు నేర్చుకుంటాది. అందుకే మళ్లీ వచ్చేటప్పుడు ఇంకా గట్టిగా వస్తాది. జవాబు చెప్పేకొద్దీ మనమే దానికి మేత ఏస్తాండాం."

"అయితే మా ఆయన మేత ఏసినాడంటావా?" అని లేచాను. నాకు కోపమొస్తే ఊరికే రాదు. "మోపెడ్ మీద ఎండల్లో తిరిగినోడు!"

"ప్రేమతోనే ఏసినాడు పెద్దమ్మా. అందరిళ్లలో ప్రేమతోనే ఏస్తారు," అంది నెమ్మదిగా.

వైద్యం ఏమిటంటే, భయపడే పనే చెయ్యాలట, చేసి వెనక్కి చూడకూడదట. చిన్న భయం నుంచి పెద్ద భయానికి. మొదట ఖాళీ రోడ్డు మీద గుంతలో దింపి ముందుకు పోవడం. తర్వాత స్పీడ్ బ్రేకర్లు, తర్వాత సంత రోజు జనం మధ్యలో. అద్దంలోకి అందరు డ్రైవర్లు చూసినట్టే చూడాలి, అంతకు మించి చూడకూడదు. ఇంటికొచ్చి మనసులో దారి మళ్లీ తోలకూడదు. ‘గుద్దింటానేమో, గుద్దలేదేమో, తెల్దు’ అనుకుని ఆ భయంతోనే కూర్చోవాలి. కూర్చోగా కూర్చోగా ఒకరోజు అది దానంతటదే తగ్గుతుంది, ఒకరోజు తగ్గదు. తగ్గకపోయినా మోయగలనని తెలుస్తుందట, అసలు పాఠం అదేనట.

"మరి నన్నడిగేదానికి?" అన్నాను.

రఫీక్ తల వంచుకుని చెప్పాడు. "మా, నేనే ఒప్పుకున్యా. నేనడిగితే చెప్పాకు. ‘తెల్దు’ అను."

"కన్నతల్లిని ‘తెల్దు’ అనమంటావేందిరా?"

బ్లెస్సీ నా చెయ్యి పట్టుకుంది. "ఏడ్వండి పెద్దమ్మా, ఇద్దరూ కలిసి ఏడ్వండి. ఏడుపు జబ్బు కాదు, దాన్ని ఆపొద్దు. ఆ ప్రశ్నకు జవాబు మాత్రం వద్దు. నిజానికి అది డాక్టరుకు కూడా తెల్దు కదా."

వాడిని బయటికి పంపి, ఆ పిల్లకు మా ఆయన ఆఖరి మాట, ‘చూసుకొని రానీలే’ అన్నది, చెప్పాను. వాడికి తెలియదది, అప్పుడు రోడ్డు మీద వెతుకుతున్నాడు. "ఈ ఒక్క మాట చెప్తే నా కొడుకు బతుకుతాడు," అన్నాను. బ్లెస్సీ కళ్లలో నీళ్లు తిరిగాయి. చీర కొంగుతో తుడుచుకుని నా వైపు తిరిగింది.

"అడిగినప్పుడు చెప్పొద్దు పెద్దమ్మా. చెప్తే ఈ పొద్దు నెమ్మదిస్తాడు. రేపు, ‘నిజంగా అట్లే అన్నాడా? ఏ గొంతుతో అన్నాడు?’ అని మొదలుపెడతాడు. ఆ మాటను కూడా జబ్బు నమిలేస్తాది. దాచిపెట్టు. అడగని రోజొకటి వస్తాది. ఆ రోజు వాళ్ల నాయన ముచ్చటగా చెప్పు."

ఆ సాయంత్రమే వాడు వంటింటి గడప దగ్గర నిలబడ్డాడు. "మా, నేనేనా?"

"తెల్దు నాయనా."

వాడి ముఖం చూడలేకపోయాను. వణుకుతూ అక్కడే కూలబడ్డాడు. ‘ఒక్కసారి మా, ఈ ఒక్కసారే’ అని బతిమాలాడు. నేను చీర కొంగు నోట్లో కుక్కుకుని వాడి పక్కన కూర్చున్నాను. చంటప్పుడు పాలు మాన్పించడానికి వేపాకు రాసుకుని వాడిని ఏడిపించింది నేనే, కానీ ఇది అంతకంటే పాపంగా అనిపించింది. అన్నం చల్లారిపోయింది. ఎప్పటికో వాడి వణుకు తగ్గింది. ఇద్దరం ఆ చల్లటి అన్నమే తిన్నాం.

తర్వాత రోజులన్నీ మంచివి కావు. ఒకరోజు అడిగేవాడు కాదు, మరుసటి రోజు పదిసార్లు అడిగేవాడు. ఒకసారి పాములపాడు కిరాయికి పోయి గుద్దినానేమోనని సగం దారి వెనక్కి తిప్పి చూసొచ్చానని ఏడ్చాడు. బ్లెస్సీ తిట్టలేదట, మళ్లీ పొమ్మందట. ఆటో మీద దుమ్ము మాత్రం పోయింది.

నా ఇద్దత్ ముగిసింది. మొదటిసారి గడప దాటి నేనెక్కింది నా కొడుకు ఆటోనే. బ్లెస్సీ దగ్గరకు, నంద్యాలకు. వాడి భయాల్లో అన్నిటికంటే పెద్దది అదే: అదే దారి, అదే స్పీడ్ బ్రేకర్, వెనక సీట్లో నేను. వాడే అడిగాడు, "వస్తావా మా?" అని. వస్తానన్నాను.

శిరివెళ్ల దాటాం. బ్రేకర్ వచ్చింది. వెనక చక్రం దబ్బుమంది.

వాడి మెడ బిగుసుకుంది. ఆటో నెమ్మదించింది. యా అల్లా, అనుకున్నాను. అద్దంలోకి ఒక్కసారి చూశాడు, అందరు డ్రైవర్లు చూసినట్టే. "గుద్దింటానేమో. తెల్దు," అని పైకే అన్నాడు. ఆటో ముందుకు కదిలింది.

నా పక్కన సీటు ఖాళీ. ఆయన వాలిన భుజం మీద నా చెయ్యి నేనే వేసుకుని ఉన్నాను. నా అంతట నేనే వెనక్కి తిరిగాను. ఆ రోజు ఆగిన చోటు దూరమైపోతోంది. ఇన్నాళ్లూ వాడి ప్రశ్న మోసుకుంటూ కూర్చున్నాను గానీ, నా లోపల ఒకటి నలుగుతోందని నాకే తెలియలేదు. అది నా నోట్లోంచి ఊడిపడింది.

"రఫీ, ఆ పొద్దు నేను దిగొచ్చి నిన్ను గుంజుకోనొచ్చింటే... మీ నాయన బతికేటోడారా?"

 వాడు ‘లేదు మా’ అంటే చాలు, నా ప్రాణం కుదుటపడేది. వాడికి అది తెలుసు. వాడికి తెలిసినంతగా ఈ లోకంలో ఇంకెవరికీ తెలియదు.

"తెల్దు మా," అన్నాడు. చెంపలు తుడుచుకోలేదు, రెండు చేతులూ హ్యాండిల్ మీదే ఉన్నాయి. "నువ్వు ఏడ్సు. నేను తోల్తాండా."

నేను ముందుకు తిరిగి కూర్చుని, నంద్యాల దాకా ఏడ్చాను. ఆయన మాట ఇంకా నా దగ్గరే ఉంది. ఆటో ఎక్కడా ఆగలేదు.