మూడో కాగితం

అమ్మకి ఆ వీడియో యాప్ నేర్పింది నేనే. అది పరాయి దేశం సరుకు, దాన్లో వెతికినా ఒక్క తెలుగు అక్షరం లేదు. అందుకే నాలుగు కాగితాల మీద బొమ్మలు గీసి, లావు అక్షరాలతో రాసిచ్చాను. మొదటిది లోపలికి రావడం. రెండోది కింద బొత్తాలు మాయమైతే తెర మీద ఒకసారి తట్టడం. మూడోది మైకు. నాలుగోది ఎర్ర బొత్తాం, మాట ముగించడం.

అమ్మ తుంటి విరిగాక సంరక్షణ కేంద్రంలో పెట్టాం. "నీ అంతట నువ్వు నడిచిన రోజు నా ఇంటికి తీసుకెళ్తా" అని మాటిచ్చాను. పాపం, ఆ మాట పట్టుకుని రోజూ కర్ర పట్టుకుని వరండా కొలిచేది. కాగితాలూ అంతే, బడిపిల్లలా బట్టీ పట్టేసింది. "పరీక్ష పెడతారటే నీకు?" అని నేను ఏడిపించేదాన్ని.

ప్రతి ఆదివారం అమ్మా, నేనూ, తమ్ముడూ ఆ యాప్‌లోనే కలిసి మాట్లాడుకుంటాం. ఆ ఆదివారం ఆమె వెనకాల టీవీ హోరు. కాల్ పెట్టింది నేనే కాబట్టి, అమ్మ పేరు పక్కన మూడు చుక్కలు నొక్కి మైకు మూసేశాను. ప్రాణం హాయిగా ఉంది.

తమ్ముడు అడిగాడు. "అక్కా, అమ్మ పద్దెనిమిది అడుగులు వేసిందట. ఎప్పుడు తెస్తావు?"

"తేవడమా? అమ్మకనుకున్న గదిలో మా ఆయన ఆఫీసు పెట్టేశారు."

"మరి మాటిచ్చావుగా."

"ఏదో ఒకటి చెప్పకపోతే మంచం దిగేదా? నీకంత ప్రేమ పొంగితే నువ్వే తీసుకుపో."

వాడు గొంతు తగ్గించాడు. "అమ్మకి వినపడదు కదా?"

"మైకు మూసేశాను, ఎలా వినపడుతుంది? అక్కడే ఉండనీ, అలవాటు పడుతుంది."

తెరలో అమ్మ తల వంచుకుని కాగితాలు తిరగేస్తోంది. బొత్తాం కోసం వెతుక్కుంటోంది కాబోలు, ఇంత చెప్పినా బుర్రకెక్కదు అనుకుని విసుక్కున్నాను.

రెండ్రోజులకి అక్కడి నర్సు ఫోన్ చేసింది. అమ్మ కర్ర పక్కన పడేసిందట, మంచం దిగనంటోందట. నాకు ఒళ్లు మండింది. ఇంత ఖర్చుపెట్టి వ్యాయామం చేయిస్తుంటే ఈ మంకుపట్టేమిటి?

తర్వాతి ఆదివారం నేనూ అమ్మా ఇద్దరమే. ఆమె పేరు పక్కన మైకు మీద గీత ఉంది. ఈసారి నేను మూయలేదు.

"అమ్మా, మైకు నొక్కు. నీ మాట రావట్లేదు."

నొక్కలేదు. మూడో కాగితం ఎత్తి కెమెరాకి ఆనించినంత దగ్గరగా పట్టుకుంది. నా రాతే. 'గీత ఉంటే నీ మాట మాకు వినపడదు.' దాని కిందున్న వాక్యం మీద ఆమె వేలు ఆగింది.

'మా మాట మాత్రం నీకు వినపడుతూనే ఉంటుంది.'

సిగ్గుతో చచ్చిపోయాను. అమ్మ కాగితం దించలేదు.

నేను ఎర్ర బొత్తాం నొక్కేశాను.